సూచీతో భాగిస్తే బయటపడే బలం

2020 మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజే దాదాపు 13 శాతం పడిపోయి 7,610 దగ్గర ముగిసింది. ఆ నెలాఖరుకు కాస్త తేరుకుని 8,598కి చేరింది. అంతకుముందు డిసెంబరు 31న అదే నిఫ్టీ 12,168 దగ్గర ఉంది. అంటే మూడు నెలల్లో 29 శాతం ఊడ్చుకుపోయింది. ఆ రోజుల్లో పెట్టుబడిదారుల్లో చాలామందికి తమ ఖాతా తెరిచి చూసుకునే ధైర్యం కూడా లేదు.

అదే మూడు నెలల్లో హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ షేరు సుమారు 2,875 రూపాయల నుంచి సుమారు 3,120 రూపాయలకు వచ్చింది. పెరుగుదల ఎనిమిదిన్నర శాతం. వినడానికి గొప్పగా ఏమీ లేదు. ధర చార్టు ఒక్కటే చూస్తే ఇంకా నిరాశగా ఉండేది. ఫిబ్రవరిలో ఎక్కిన ఎత్తు నుంచి దిగింది, మార్చి మధ్యలో విపరీతంగా ఊగింది, నెలాఖరుకు కూడా ఆ ఫిబ్రవరి ఎత్తును దాటలేదు. కానీ ఆ ధరను నిఫ్టీతో భాగించి గీసిన మరో చార్టులో గీత అంతకుముందు మూడేళ్లలో ఎన్నడూ లేని ఎత్తుకు ఎక్కేసింది. మార్కెట్ మొత్తం భయంతో వణుకుతున్న వారాల్లోనే, తర్వాతి ఆరు నెలలు ఎవరు ముందు నడుస్తారో ఆ గీత చెప్పేసింది. మదుపరులు రిలేటివ్ స్ట్రెంగ్త్ రేషియో అనేది దీన్నే. లెక్క ఒక్క భాగహారం. దాన్ని చదవడం మాత్రం నేర్చుకోవాల్సిన పనే.

ముందు ఆ భాగహారం చేసి చూద్దాం. డిసెంబరు చివర 2,875ని 12,168తో భాగిస్తే 0.236 వస్తుంది. మార్చి చివర 3,120ని 8,598తో భాగిస్తే 0.363. ఈ అంకెలకు విడిగా అర్థమేమీ లేదు. షేరు ధర రూపాయల్లో ఉంటుంది, సూచీ పాయింట్లలో ఉంటుంది. రెంటినీ భాగిస్తే వచ్చేది ఏ కొలతా కాదు. వేరే కంపెనీకి ఈ అంకె 2 రావచ్చు, 0.01 రావచ్చు. అందుకే ఒక షేరు రేషియోను ఇంకో షేరు రేషియోతో నేరుగా పోల్చి, ఏది పెద్దదైతే అది బలమైనదనుకోవడం తప్పు. చూడాల్సింది అంకెను కాదు, అది ఎటు కదులుతోందన్నది. 0.236 నుంచి 0.363కి వచ్చిందంటే 54 శాతం పెరుగుదల.

షేరు పెరిగింది ఎనిమిదిన్నర శాతమే, సూచీ తగ్గింది 29 శాతమే, కలిపినా 37న్నర దాటదు, మరి 54 ఎక్కడిది అని అనుమానం రావడం సహజం. డిసెంబరులో ఒకరు లక్ష రూపాయలు నిఫ్టీ ఫండ్‌లో, మరొకరు లక్ష రూపాయలు ఈ షేరులో పెట్టారనుకోండి. మార్చి చివరికి మొదటివారి దగ్గర దాదాపు 70,700 రూపాయలు, రెండోవారి దగ్గర దాదాపు 1,08,500 రూపాయలు ఉంటాయి. రెండోది మొదటిదానికి ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ. రేషియో చెప్పేది ఈ రెట్లనే. శాతాలు తీసివేసి పోల్చేవాళ్లు పెద్ద కుదుపుల్లో అసలు దూరాన్ని తక్కువగా అంచనా వేస్తారు.

మన రైతులు దిగుబడిని ఇలాగే తూస్తారు. వానలు ముఖం చాటేసిన ఏడాది ఊరంతా ఎకరానికి పది బస్తాలు పండితే, ఒకాయన చేలో పద్దెనిమిది పండాయంటే ఆ నేలలోనో ఆయన సేద్యంలోనో ఏదో ఉందని అందరికీ తెలుస్తుంది. మంచి వానల ఏడాది అందరికీ ముప్ఫై పండినప్పుడు ఆయనకూ ముప్ఫై పండితే ఆ విశేషం కనబడదు. సూచీతో భాగించడమంటే అందరికీ కురిసిన వానను లెక్కలోంచి తీసేయడమే. మిగిలేది ఆ షేరు సొంత బలం లేదా సొంత బలహీనత.

ఈ చార్టు గీయడానికి డబ్బు కట్టి కొనే సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. ట్రేడింగ్‌వ్యూ వంటి చార్టు సైట్లలో షేరు పేరు వెతికే గడిలో ఇలా టైపు చేస్తే చాలు:

```
NSE:DRREDDY/NSE:NIFTY
```

క్యాండిల్స్ బదులు గీత చార్టు ఎంచుకోవాలి. రోజులో షేరు గరిష్ఠానికి చేరిన క్షణం, నిఫ్టీ గరిష్ఠానికి చేరిన క్షణం ఒకటే కావు కాబట్టి రేషియో క్యాండిల్‌లో పైనా కిందా కనిపించే తోకలు నమ్మదగ్గవి కావు. ముగింపు ధరలను ముగింపు విలువలతో భాగించిన గీతే నిజం. రోజువారీ చార్టు కంటే వారం చార్టు మేలు. ఒక్కరోజు వార్తలకు గీత ఎగిరెగిరి పడటం తగ్గుతుంది.

ఎక్సెల్‌లో సొంతంగా చేసుకునేవాళ్లు బి వరుసలో షేరు ధర, సి వరుసలో నిఫ్టీ వేసుకుని, మొదటి రోజు రెండూ 100 అనుకునేలా ఈ సూత్రం రాసుకోవచ్చు:

```
=(B2/B$2)/(C2/C$2)*100
```

ఇలా చేస్తే డాక్టర్ రెడ్డీస్ గీత 2019 డిసెంబరులో 100 దగ్గర మొదలై మార్చి చివరికి 154 అవుతుంది. వేర్వేరు షేర్లను పక్కపక్కన పెట్టి పోల్చడానికి వీలు కుదిరేది ఇప్పుడే. కానీ అన్నింటికీ మొదలు తేదీ ఒకటే ఉండాలి. ఆ తేదీని ఇష్టం వచ్చినట్టు మార్చితే ఏ షేరునైనా వీరుణ్ని చేయొచ్చు. షేరు బాగా పడి ఉన్న రోజును మొదలుగా తీసుకుంటే గీత ఎప్పుడూ అందంగానే ఉంటుంది. ఎవరైనా మీకు ఇలాంటి చార్టు చూపించి షేరు కొనమంటే ముందు అడగాల్సింది, ఈ తేదీ నుంచే ఎందుకు మొదలుపెట్టారని.

ఒక గందరగోళాన్ని ఇక్కడే తీసేయాలి. చార్టుల కింద చాలామంది వేసుకునే ఆర్‌ఎస్‌ఐ అనే 0 నుంచి 100 దాకా ఊగే సూచిక ఇది కాదు. 1978లో వెల్స్ వైల్డర్ తన పుస్తకంలో పరిచయం చేసిన ఆ సూచిక ఒక షేరును దాని సొంత గత కదలికలతోనే పోలుస్తుంది. అందులో నిఫ్టీ ప్రసక్తే ఉండదు. పేర్లు దగ్గరగా ఉన్నా అవి చెప్పే సంగతులు వేరు.

డాక్టర్ రెడ్డీస్ కథను కాస్త వెనక్కి తిప్పితే ఈ గీత విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 2015 అక్టోబరు చివర ఆ షేరు 4,200 పైన, నిఫ్టీ 8,066 దగ్గర ఉన్నాయి. రేషియో 0.52 పైమాటే. ఆ నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ శ్రీకాకుళం, మిర్యాలగూడ, విశాఖ దగ్గరి దువ్వాడ ప్లాంట్లలో నాణ్యతా లోపాలపై హెచ్చరిక లేఖ ఇచ్చింది. షేరు కుప్పకూలింది. 2017 ఆగస్టు చివరికి అది 2,000 దరిదాపులకు దిగేసరికి నిఫ్టీ 9,918కి ఎక్కింది; రేషియో 0.20. దాదాపు రెండేళ్లపాటు గీత కిందికే నడిచింది. ఆ రెండేళ్లలో ఎన్నోసార్లు షేరు ధర నాలుగైదు వారాలు పెరిగి, ఇక కోలుకుందన్న ఆశ కలిగించింది. అలాంటప్పుడు రేషియో కూడా కొంచెం లేచినా పాత ఎత్తును దాటలేదు. ఇంత పడింది, ఇంకెంత పడుతుంది అనుకుని చవగ్గా కొన్నవాళ్లకు ధర చార్టు ఇవ్వని హెచ్చరిక ఈ గీత పదే పదే ఇచ్చింది.

తర్వాత రెండున్నరేళ్లు అది ఎక్కువగా 0.20కీ 0.25కీ మధ్యే తచ్చాడింది. నా దృష్టిలో ఈ నిశ్శబ్ద కాలమే ఎంతో ముఖ్యమైనది. షేరు సూచీకంటే వెనకబడటం మానేసింది, కానీ ఇంకా ముందుకు రాలేదు. అమ్మాలనుకున్న పాతవాళ్లు అమ్మేసుకుంటున్న కాలమది. 2020 మార్చిలో గీత ఆ రెండున్నరేళ్ల గట్టును తెంచుకుని 0.36కి వెళ్లింది. కారణాలు వెతికితే దొరుకుతాయి: లాక్‌డౌన్‌లోనూ ఆగని వ్యాపారం మందులది, రూపాయి బలహీనపడితే ఎగుమతిదారులకు లాభం, అప్పటికే ఫార్మా షేర్లు ఏళ్ల తరబడి దెబ్బతిని చవగ్గా ఉన్నాయి. కానీ కారణాలన్నీ కూర్చుకుని నమ్మేలోపు గీత తన పని తాను చేసేసింది. పెద్ద ఫండ్లు ఒక షేరును ఒక్కరోజులో కొనలేవు, వారాల తరబడి కొంటాయి. మార్కెట్ పడుతున్నప్పుడు కూడా ఎవరో అమ్మకాలన్నింటినీ తట్టుకుని కొంటూ ఉంటేనే షేరు పడకుండా నిలబడుతుంది. ఆ కొనుగోళ్ల జాడ రేషియోలో కనబడుతుంది.

ఇక రెండో సగం. 2020 సెప్టెంబరు నడుమ రష్యా వ్యాక్సిన్ స్పుత్నిక్-విని మన దేశానికి తెచ్చే ఒప్పందం డాక్టర్ రెడ్డీస్ ప్రకటించింది. షేరు ఎగిరింది, టీవీ చానళ్లన్నింటిలో అదే మాట. ఆ నెలాఖరుకు ధర 5,200 దరిదాపుల్లో, నిఫ్టీ 11,247 దగ్గర ఉన్నాయి, రేషియో 0.46. తొమ్మిది నెలల్లో దాదాపు రెట్టింపు. డిసెంబరు 31కి వద్దాం. షేరు ధర అప్పుడూ 5,200 దరిదాపుల్లోనే ఉంది. పెట్టిన డబ్బు పోలేదు కాబట్టి ఎవరికీ బాధ లేదు. ధర చార్టు చూస్తే, పెద్ద పెరుగుదల తర్వాత షేరు అలుపు తీర్చుకుంటోందనే అనిపిస్తుంది. కానీ నిఫ్టీ ఈలోపు 13,982కి చేరింది. రేషియో 0.46 నుంచి 0.37కి జారింది. ధర కదలకుండానే బలం ఐదో వంతు ఆవిరైంది.

ఆ మూడు నెలల్లో జరిగిందేమిటంటే, నవంబరు 9న ఫైజర్ తన టీకా 90 శాతానికి పైగా పనిచేస్తోందని ప్రకటించింది. అప్పటిదాకా కొవిడ్ దెబ్బకు అణిగిపోయిన బ్యాంకుల వైపు డబ్బు మళ్లింది. బ్యాంక్ నిఫ్టీ సెప్టెంబరు చివరి 21,450 నుంచి డిసెంబరు చివరికి 31,260కి పరిగెత్తింది. అంటే 45 శాతానికి పైగా. దాన్ని నిఫ్టీతో భాగించిన గీత పైకి తిరిగితే, డాక్టర్ రెడ్డీస్‌ను నిఫ్టీతో భాగించిన గీత కిందికి తిరిగింది. నాయకత్వం చేతులు మారడం రెండు చార్టుల్లోనూ ఒకేసారి రాసి ఉంది.

2021 జులైలో ఆ షేరు మళ్లీ 5,300 దాటింది. సెప్టెంబరు చివరి ధరకంటే ఎక్కువే. అప్పటికి నిఫ్టీ 15,800 దగ్గర ఉంది కాబట్టి రేషియో 0.34 మాత్రమే. ధర పాత ఎత్తు దగ్గరికి వస్తున్నా రేషియో దాని దరిదాపులకు కూడా రాకపోవడం, ఈ చార్టు ఇచ్చే సంకేతాల్లో నేను అన్నింటికంటే గట్టిగా నమ్మేది. జులై 27న త్రైమాసిక ఫలితాల రోజు షేరు ఒక్కరోజులో 10 శాతానికి పైగా పడింది. ఆ పతనం వస్తుందని రేషియో ముందే చెప్పిందనను. ఫలితాలు ఎలా ఉంటాయో ఏ గీతకూ తెలియదు. కానీ పది నెలలుగా పెద్ద డబ్బు ఈ షేరులోకి మునుపటిలా రావడం లేదన్నది మాత్రం అప్పటికే కళ్లెదుట ఉంది. ఆ ఏడాది చివరికి షేరు 4,900 దగ్గర, నిఫ్టీ 17,354 దగ్గర ముగిశాయి, రేషియో 0.28.

ఇక్కడ మరో ప్రశ్న అడక్కుండా వదిలేస్తే సగమే తెలుసుకున్నట్టు. 2020లో ముందుకు నడిచింది డాక్టర్ రెడ్డీసా, మొత్తం ఫార్మా రంగమా? ఆ ఏడాది నిఫ్టీ దాదాపు 15 శాతం, నిఫ్టీ ఫార్మా సూచీ దాదాపు 60 శాతం, డాక్టర్ రెడ్డీస్ దాదాపు 81 శాతం పెరిగాయి. నిఫ్టీతో భాగిస్తే ఈ షేరు బలం 58 శాతం దాకా పెరిగినట్టు. అదే షేరును నిఫ్టీ ఫార్మాతో భాగిస్తే పెరిగింది 13 శాతమే. అంటే ఆ బలంలో సింహభాగం రంగానిది, కొసరు మాత్రమే కంపెనీది. రంగమంతా కలిసి లేచినప్పుడు నిఫ్టీ రేషియోలో ఫార్మా కంపెనీలన్నీ వీరుల్లాగే కనబడతాయి. రంగం సూచీతో కూడా భాగించి చూస్తేనే వాటిలో అసలు ముందున్నది ఏదో తేలుతుంది. రెండు చార్టులూ పైకి వెళ్తున్న షేరే నిజమైన లీడర్.

వెతికే పద్ధతి కూడా ఇదే వరుసలో సాగాలి. ముందు నిఫ్టీ ఐటీ, బ్యాంక్, ఫార్మా, ఆటో, మెటల్ వంటి రంగాల సూచీలను నిఫ్టీతో భాగించి చూడాలి. పైకి తిరిగిన ఒకటి రెండు రంగాలను తీసుకుని, వాటిలోని కంపెనీలను ఆ రంగం సూచీతో భాగించాలి. వారం చార్టు మీద రేషియో గీతకే 52 వారాల సగటు గీత వేసుకుంటే చూపు తేటపడుతుంది. రేషియో ఆ సగటుకు పైన ఉండి, సగటు కూడా పైకి వాలి ఉంటే షేరు సూచీని గెలుస్తున్నట్టు. సగటు చుట్టూ అటూ ఇటూ తిరుగుతుంటే తేలనట్టు. అమెరికాలో స్టాన్ వైన్‌స్టీన్ 1988 నాటి తన పుస్తకంతో జనంలోకి తెచ్చిన పద్ధతికి కూడా ఈ పోలికే ప్రాణం. ఈ పనికి అనువైన కాలం మార్కెట్ పడుతున్న కాలం. అన్నీ పెరిగేటప్పుడు బలమైనదీ బలహీనమైనదీ కలిసిపోయి కనబడతాయి. నిఫ్టీ పది పదిహేను శాతం దిగినప్పుడు దిగకుండా ఉన్నవాటి జాబితా చిన్నదిగా ఉంటుంది, చూసేందుకు తీరిక కూడా దొరుకుతుంది.

దెబ్బతినే చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది షేర్ల విభజన. 2024 అక్టోబరులో డాక్టర్ రెడ్డీస్ ఐదు రూపాయల ముఖ విలువ ఉన్న షేరును రూపాయి షేర్లు ఐదుగా విభజించింది. ఈ రోజు చార్టు తెరిస్తే 2020 సెప్టెంబరు దగ్గర 5,200 కాదు, 1,040 కనబడుతుంది. సైట్లు పాత ధరలన్నింటినీ ఐదుతో భాగించి సరిచేశాయి. అప్పుడు రేషియో అంకె కూడా 0.46 బదులు 0.09 అవుతుంది, గీత ఆకారం మాత్రం మారదు. చిక్కల్లా సరిచేయని ధరలను ఎక్సెల్‌లో వేసుకున్నవారికి. వాళ్ల చార్టులో ఒక్కరోజులో 80 శాతం బలం మాయమవుతుంది. రేషియో నిట్టనిలువుగా పడి, అక్కణ్నుంచి మామూలుగా సాగుతుంటే అది పతనం కాదు, విభజనో బోనసో జరిగిందని గుర్తు. ఆ వారం నిఫ్టీ ప్రశాంతంగా ఉండి, కంపెనీ గురించి చెడ్డవార్త కూడా లేకపోతే ముందు కార్పొరేట్ యాక్షన్ల పట్టిక చూడాలి.

రెండోది ఏ సూచీతో భాగిస్తున్నామన్నది. నిఫ్టీలో పెద్ద వాటా ఉన్న రిలయన్స్, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ లాంటివి పెరిగితే సూచీని కూడా తమతోపాటే లాక్కుపోతాయి. భాగించే అంకెలోనూ అవే ఉంటాయి కాబట్టి వాటి రేషియో ఉన్నదానికంటే కాస్త మెత్తగా కనబడుతుంది. చిన్న కంపెనీల విషయంలో ఇబ్బంది వేరు. వాటిని నిఫ్టీతో భాగిస్తే చిన్న షేర్ల గాలి వీచిన ఏడాది అన్నీ లీడర్లలాగే తోస్తాయి. స్మాల్‌క్యాప్ సూచీతోనే వాటిని తూయాలి. రోజూ నాలుగైదు వందల షేర్లు మాత్రమే చేతులు మారే కంపెనీలకు ఈ చార్టు పనికిరాదు. అక్కడ ఒక్కరు కొన్నా గీత ఎగురుతుంది.

మూడోది ముందే తెలుసుకోవాల్సింది. రేషియో పెరగడమంటే డబ్బు పెరగడం కాదు. నిఫ్టీ 30 శాతం పడినప్పుడు ఒక షేరు 20 శాతమే పడితే రేషియో 14 శాతం పెరుగుతుంది. చార్టు మీద గీత దర్జాగా పైకి పోతుంటే ఖాతాలో లక్ష ఎనభైవేలవుతుంది. పైగా పతనంలో ఎత్తు నిలబెట్టుకున్న షేర్లే, మార్కెట్ ఒక్కసారిగా మలుపు తిరిగినప్పుడు వెనకబడటం మామూలే. 2020 నవంబరులో ఫార్మాకు జరిగింది సరిగ్గా అదే. కాబట్టి రేషియో చార్టును ఎప్పుడూ ధర చార్టుకు పక్కనే పెట్టి చూడాలి. రెండూ పైకి ఉంటే కొనే సంగతి ఆలోచించొచ్చు. రేషియో పైకి, ధర కిందికి ఉంటే ఆ షేరు పేరు రాసుకుని ధర తిరిగేదాకా ఆగాలి. ధర నిలకడగా ఉండి రేషియో 52 వారాల సగటు కిందికి జారితే, లాభం చేతిలో ఉండగానే ఆ డబ్బు ఇంకెక్కడ ఉండొచ్చో రంగాల జాబితా మళ్లీ తెరవాలి. వారానికోసారి, శుక్రవారం మార్కెట్ ముగిశాక ఈ పని పెట్టుకుంటే చాలు.